కువైట్ వెళ్లే చెల్లెలికి మేం రాసిచ్చిన రెండు పేజీలు

మన మెట్టకూరు నుంచి ఒక చెల్లెలు ఇంటి పని మీద కువైట్ వెళ్లింది. వెళ్లే ముందు మేం నలుగురం కూర్చుని ఆమెకి అరబ్బీ పలకరింపులు, వాటి జవాబులు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాం. రాస్తుంటే మాకే కొత్త సంగతులు తెలిశాయి. అవి మీకూ చెబుదామని ఈ పోస్టు.

ముందు మేం పలకరింపులు మాత్రమే రాశాం. కువైట్‌లో చాలా ఏళ్లు వంట చేసి వచ్చిన మన అక్క ఒకావిడ కాగితం చూసి, "ఇది సగమేనమ్మా, జవాబులేవి?" అంది. ఆవిడ వెళ్లిన కొత్తలో ఆ ఇంటి పెద్దావిడ వంటగదిలోకి వచ్చి "యాతీచ్ అల్ ఆఫియా" అనేదట. ఏదో తెమ్మంటోందేమో అనుకుని అక్క ఒకసారి మంచినీళ్లు తెచ్చిందట, ఇంకోసారి తల దించుకుని ఊరుకుందట. నెల తిరిగేసరికి "ఈ పిల్లకి పొగరు" అని పేరొచ్చింది. నిజానికి ఆ మాటకి అర్థం "దేవుడు నీకు ఆరోగ్యం, బలం ఇవ్వాలి" అని. పని చేసేవాళ్లని చూసి అక్కడ అనే మంచి మాట అది. "అల్లా యాఫీచ్", అంటే "మీకూ ఆరోగ్యం ఇవ్వాలి" అని తిరిగి అంటే సరిపోయేది.

మన అలవాటే ఇక్కడ అడ్డం వస్తుంది. మనం నమస్కారానికి నమస్కారమే అంటాం. యానాంలో ఫ్రెంచివాళ్ల రోజుల్లో అయినా బోంజూర్‌కి బోంజూరే జవాబు. అరబ్బీలో చాలా పలకరింపులకి జవాబు వేరే మాట. "అస్సలాము అలైకుమ్" (మీకు శాంతి కలగాలి) అంటే, మాట తిరగేసి "వ అలైకుమ్ అస్సలామ్" (మీకూ శాంతి) అనాలి. పొద్దున్న "సబాహ్ అల్ ఖేర్" (మేలైన ఉదయం) అంటే "సబాహ్ అన్నూర్" (వెలుగుల ఉదయం) అనాలి. సాయంత్రం "మసా అల్ ఖేర్"కి "మసా అన్నూర్". పుస్తకాల్లో "ఖైర్" అని ఉంటుంది, ఇళ్లలో వినపడేది "ఖేర్". వాళ్లు మేలు అంటే మనం వెలుగు అంటున్నాం, అంటే ఒక పిసరు కలిపి ఇస్తున్నామన్నమాట. పలకరిస్తే అంతకన్నా మంచిగానో, కనీసం అంతే మంచిగానో జవాబివ్వాలని ఖురాన్ నాలుగో అధ్యాయంలోనే ఉంది. అందుకే జవాబు రాకపోతే వాళ్లకి అంత పట్టింపు.

ఇంకొన్నిటిలో వాళ్లన్న మాటలోని వేరునే పట్టుకుని తిరిగి దీవించాలి. పైన చెప్పిన "ఆఫియా"కి "యాఫీచ్" అలా వచ్చిందే. బయటికి వెళ్లేటప్పుడు "మఅస్సలామా" (క్షేమంగా వెళ్లు) అంటే "అల్లా యసల్మిచ్" (దేవుడు మిమ్మల్నీ క్షేమంగా ఉంచాలి). ఈ సంగతి చెప్పాక చెల్లెలికి బట్టీ పట్టే పని సగం తగ్గింది.

తప్పు ఎక్కువ జరిగేది మాట చివర. ఆడవాళ్లతో "చ్", మగవాళ్లతో "క్". ఆడవాళ్లని "ష్లోనిచ్?" (ఎలా ఉన్నావు) అని అడుగుతారు, మగవాళ్లని "ష్లోనక్?" అని. చెల్లెల్ని అందరూ "ష్లోనిచ్" అనే అడుగుతారు కాబట్టి అదే చెవిలో నిలిచిపోయి, ఇంటి యజమానిని కూడా అలాగే అడిగేస్తుంది. అందుకని కాగితం మీద "మామాతో", "బాబాతో" అని రెండు వరసలు గీశాం. అక్కడ పనివాళ్లు ఇంటావిడని మామా అని, ఆయన్ని బాబా అని పిలుస్తారు. ఆడమనిషిని మామా అనడమేంటని చెల్లెలు పడీ పడీ నవ్వింది.

"ష్లోనిచ్"కి ఆమె చెప్పాల్సింది "జేనా, అల్‌హమ్దులిల్లా" (బాగున్నాను, దేవుడి దయ). మగవాళ్లయితే "జేన్" అంటారు. "షుక్రన్" (థాంక్స్) అంటే "అఫ్వన్" (పర్లేదు). ఇదంతా కువైట్ మాట. సౌదీ, మస్కట్ వెళ్లేవాళ్లకి "ష్లోనక్" బదులు "కైఫ్ హాలక్" ఎక్కువ వినపడుతుంది. దానికి "బిఖేర్, అల్‌హమ్దులిల్లా" అనాలి.

తెలుగు అక్షరాలతో అన్నీ రావు. "సబాహ్" చివర హ్ మింగేస్తే మాట తెగిపోయినట్టుంటుంది, అద్దం మీద ఆవిరి ఊదినట్టు గాలి వదలాలి. "ఖేర్"లో ఖ గొంతు లోపల గీరుకుంటూ రావాలి. ఇవి కాగితం నేర్పదు కాబట్టి అక్క చేత పలికించి చెల్లెలి ఫోన్‌లో రికార్డు చేశాం.

వెళ్లిన కొన్నాళ్లకి చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "వదినా, గిన్నెలు కడుగుతుంటే పెద్దావిడ వచ్చి ఆఫియా మాట అంది. నేను యాఫీచ్ అన్నాను. ఆవిడ ఆగిపోయి నా పేరు అడిగింది. మూడు వారాల్నించీ ఇంట్లో ఉన్నా, ఆవిడ నా పేరు అడగడం అదే మొదటిసారి."

ఆ రెండు పేజీలు మా దగ్గరున్నాయి. వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి జిరాక్స్ తీసుకోండి. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లు తప్పులు కనపడితే చెప్పండి, దిద్దుతాం.