పదహారు వేల ఐదొందలు ఎవరు తిన్నారు?

ఇంజనీరింగ్ చదివినవాడికి ఎకౌంట్స్ రావు అని నేను ఎంత మొత్తుకున్నా మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వినలేదు. "నువ్వు సాఫ్ట్‌వేరే కదయ్యా, ఎక్సెల్ షీటేగా, ఒకసారి చూడు" అని పెన్ డ్రైవ్ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటరు దగ్గర్నించి మైక్రోవేవ్ దాకా అన్నీ బాగుచెయ్యాలని లోకానికి ఒక నమ్మకం. ఇప్పుడు ఆ లిస్టులో బాలెన్స్ షీట్ కూడా చేరిందన్నమాట.

మాది 50 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నెలకి ఫ్లాటుకి 2,000 మెయింటెనెన్స్. లెక్కలు చూసేది రిటైరయిన ఒక మాస్టారు. జీతం లేదు, భత్యం లేదు, అయినా నాలుగేళ్ళుగా ఆయనే ట్రెజరర్. ఈసారి ఆయన వేసిన బాలెన్స్ షీట్‌లో ఒకవైపు 11,84,500, రెండోవైపు 12,01,000. తేడా 16,500. ఆదివారం జనరల్ బాడీ మీటింగు. ఈలోపే లిఫ్టులో గుసగుసలు మొదలయ్యాయి. "పదహారు వేలు ఏమైనట్టు?" అని ఒకరు, "పోనీలెండి, పెద్దాయన, ఏదో అవసరం వచ్చుంటుంది" అని ఇంకొకరు. ఈ రెండో రకం జాలి ఉంది చూశారూ, అది మొదటిదానికన్నా ప్రమాదం.

శుక్రవారం రాత్రి మాస్టారు మా ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. "బాబూ, ఆ పదహారు వేల ఐదొందలు నేను నా పెన్షన్ లోంచి కట్టేస్తాను. మీటింగులో మాత్రం మాట పడలేను" అన్నారు.

అసలు సంగతేమిటంటే, ఆయన కట్టినా ఆ తేడా పోదు.

ఇది అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది, మీకు రెండు నిమిషాల్లో చెప్తాను. బాలెన్స్ షీట్‌లో ఒకవైపు ఆస్తులు, అంటే మన దగ్గరున్నవి, మనకి రావలసినవి. రెండోవైపు అప్పులు, అంటే మనం ఇవ్వాల్సినవి, వాటి కింద ఈక్విటీ, అంటే అన్ని అప్పులూ పోగా మనకి మిగిలేది. అపార్ట్‌మెంట్‌కి షేర్ క్యాపిటల్ ఉండదు కాబట్టి కార్పస్ ఫండు, ఇన్నేళ్ళ మిగులు కలిపి ఈక్విటీ. ప్రతి లావాదేవీ రెండు చోట్ల పడుతుంది. మాస్టారు 16,500 కడితే బ్యాంకులో 16,500 పెరుగుతుంది, ఆయనిచ్చిన విరాళం కింద మిగులూ 16,500 పెరుగుతుంది. రెండు వైపులా సమానంగా పెరిగితే తేడా తేడాగానే ఉంటుంది!

దీన్నే తిరగేసి చూడండి. ఎవరైనా నిజంగా డబ్బు తీసుకుని, దానికొక దొంగ బిల్లు పెట్టి ఖర్చు రాస్తే, బ్యాంకు తగ్గుతుంది, మిగులూ తగ్గుతుంది. షీట్ చక్కగా సరిపోతుంది. అంటే రెండు వైపులా కలవకపోవడం దొంగతనానికి గుర్తు కాదు, ఎక్కడో ఒక ఎంట్రీకి రెండో కాలు లేదనడానికి గుర్తు. డబ్బు పోయిందో లేదో చెప్పేది బ్యాంకు స్టేట్‌మెంటు, బిల్లుల ఫైలు.

అందుకని ముందు అదే చూశాం. మార్చి 31న బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 2,23,000, షీట్‌లోనూ 2,23,000. క్లియర్ కాని చెక్కులు లేవు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు 6 లక్షలది బీరువాలో ఉంది. నగదు పెట్టె అసలు లేదు, అంతా బ్యాంకు ద్వారానే. "మాస్టారూ, డబ్బు ఎక్కడికీ పోలేదు, అంకె పోయింది" అన్నాను. అప్పుడు కూర్చున్నారాయన. మా ఆవిడ టీ తెచ్చింది.

ఇక అంకెని వెతకాలి. ఎకౌంటెంట్ స్నేహితుడు ఒకప్పుడు చెప్పిన రెండు చిట్కాలు గుర్తొచ్చాయి. ఒకటి, తేడాని రెండుతో భాగించి ఆ మొత్తం ఎక్కడైనా ఉందేమో చూడు. ఒక అంకె తప్పు వైపు పడితే, లేదా ప్లస్సుకి మైనస్ పడితే, తేడా రెట్టింపవుతుంది. రెండోది, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందేమో చూడు. 54 బదులు 45 అని అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కమే. (తొమ్మిదితో పోయినంత మాత్రాన అదే కారణమని కాదు, అనుమానించవచ్చు, అంతే.)

16,500లో సగం 8,250. అలాంటి అంకె షీట్ మొత్తంలో లేదు. తొమ్మిదితో పోదు. రెండు చిట్కాలూ తుస్సు. అంటే బహుశా తప్పు ఒకటి కాదు.

ఇక్కడ మన బుర్ర కొంచెం పనికొచ్చింది. కోడ్ నిన్న పనిచేసి ఇవాళ పనిచెయ్యకపోతే ఏం చేస్తాం? పనిచేసిన వెర్షన్ దగ్గరికెళ్ళి, అక్కణ్ణించి ఏం మారిందో చూస్తాం. `git bisect` చేసేదీ దాదాపు అదే. గత ఏడాది షీట్ సీఏ గారు సంతకం పెట్టింది, రెండు వైపులా 11,56,000. అది సరైనదే కాబట్టి, అక్కణ్ణించి వచ్చిన మార్పులు మాత్రం సరిపోవాలి. ఒక్కో లైనుకీ ఈ ఏడాది అంకెలోంచి పోయినేడాది అంకె తీసేశాం.

ఆస్తుల వైపు: బ్యాంకు 39,000 పెరిగింది. బకాయిలు 62,000 నించి 92,000 అయ్యాయి, 30,000 పెరుగుదల. జనరేటర్ విలువ 2,70,000 నించి 2,29,500కి, అంటే 40,500 తగ్గింది. ఫిక్స్‌డ్ డిపాజిట్, కరెంటాఫీసులో కట్టిన డిపాజిట్ మారలేదు. మొత్తం మార్పు 28,500.

రెండోవైపు: సెక్యూరిటీ ఏజెన్సీకి ఇవ్వాల్సింది 38,000 నించి 45,000, అంటే 7,000 పెరుగుదల. ముందుగా కట్టిన మెయింటెనెన్స్, పోయినేడు 24,000 ఉన్నది, ఈసారి లైనే లేదు. కార్పస్ మారలేదు. మిగులు 62,000 పెరిగింది. మొత్తం మార్పు 45,000.

ఇప్పుడు ప్రతి మార్పుకీ "నీ జత ఎవరు?" అని అడగాలి. బ్యాంకుకి జతలు బోలెడు. జనరేటర్ 40,500కి మాత్రం జత ఒక్కటే ఉండాలి: ఆదాయ వ్యయాల పట్టికలో తరుగుదల ఖర్చు. తీసి చూస్తే ఆ లైను లేదు. మాస్టారు 2,70,000 మీద 15 శాతం లెక్కగట్టి ఆస్తిలో తగ్గించారు, ఖర్చులో రాయడం మర్చిపోయారు. అది రాయగానే ఈ ఏడాది మిగులు 62,000 కాస్తా 21,500 అయింది.

"దొరికింది!" అని అరిచి టోటల్ చూసుకుంటే, తేడా తగ్గలేదు సరికదా పెరిగింది. ఇప్పుడు ఆస్తులే 24,000 ఎక్కువ. మాస్టారి మొహం మళ్ళీ పాలిపోయింది. నేనుమాత్రం సంతోషించాను. ఒకటి కిందికి 40,500, ఒకటి పైకి 24,000, రెండూ కొట్టుకుని 16,500 మిగిలిందన్నమాట. చిన్న తేడా అంటే చిన్న తప్పని కాదు.

ఇంతలో ఫోన్ చేసిన సెక్రటరీ గారికి సంగతి చెప్తే ఆయన ఎగిరి గంతేశారు. "24,000 అంటే పోయినేటి అడ్వాన్సే కదయ్యా! ఆ లైను మళ్ళీ పెట్టెయ్, సరిపోతుంది." నిజమే, సరిపోతుంది. నాకూ ఒక్క క్షణం చెయ్యి వెళ్ళింది. కానీ ఆ 24,000 ఎవరిది? డాలస్‌లో ఉండే ఒక ఓనరు ఏడాదికి ముందే కట్టినది. ఏడాది అయిపోయింది, అది ఖర్చయిపోయింది. ఇవాళ మనం ఆయనకి బాకీ లేని డబ్బుని బాకీ అని రాస్తే షీట్ కలుస్తుంది, అబద్ధమూ అవుతుంది.

మళ్ళీ సగం చిట్కా. 24,000లో సగం 12,000. ఫ్లాట్లవారీ బకాయిల లిస్టు తీశాం. అదే డాలస్ ఓనరు పేరెదురుగా 12,000. ఆయన బాకీ ఉన్నాడా? రసీదు పుస్తకం చూస్తే మార్చిలో ఆరు నెలలకి ముందుగా కట్టాడు. అంటే ఆయన మనకి ఇవ్వాల్సింది కాదు, మనం ఆయనకి బాకీ. పోయినేడు మాస్టారు దాన్ని విడిగా చూపించారు, ఈసారి పొరపాటున బకాయిల కాలమ్‌లోనే, అదీ మైనస్ లేకుండా కొట్టారు. బకాయిలు 92,000 కాదు, 80,000. అడ్వాన్సు లైను మళ్ళీ వచ్చింది, కానీ 24,000 కాదు, 12,000.

```
ఆస్తులు  : 2,23,000 + 6,00,000 + 80,000 + 2,29,500 + 40,000 = 11,72,500
అప్పులు  : 45,000 + 12,000                                  =    57,000
ఈక్విటీ  : 9,60,000 + 1,55,500                              = 11,15,500
తేడా     : 11,72,500 - (57,000 + 11,15,500)                 =         0
```

టైము రాత్రి పన్నెండున్నర. మాస్టారు ఆ సున్నాని ఎంతసేపు చూశారో.

ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్ అయితే రెండు వైపులా సమానంగా లేని ఎంట్రీని అసలు తీసుకోదు. ఓపెనింగ్ బాలెన్సులు తప్పు కొడితే మాత్రం "Difference in opening balances" అని షీట్‌లోనే చూపిస్తుంది. ఎక్సెల్‌కి అలాంటి పట్టింపులేం లేవు, ఏం రాస్తే అది మోస్తుంది. అందుకని కిందొక లైను పెట్టాను (ఆస్తులు B కాలమ్‌లో, మిగతావి E కాలమ్‌లో):

```
=ROUND(SUM(B2:B6)-SUM(E2:E5),0)
```

అది సున్నా కాకపోతే ఎర్రగా కనిపిస్తుంది. అయితే సున్నా వచ్చిందని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చా అంటే, కాదు. మార్చి నెల నీళ్ళ టాంకర్ల బిల్లు అసలు రాయకపోతే ఖర్చులోనూ ఉండదు, అప్పులోనూ ఉండదు, షీట్ చక్కగా కలుస్తుంది. మన హైదరాబాద్ వాళ్ళకి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఆ బాలెన్స్ షీట్ కూడా రెండు వైపులా కలిసిందే. లేని నగదుకి లేని లాభాన్ని జత చేస్తే ఎందుకు కలవదు? దాన్ని పట్టుకోవాలంటే కూడిక చాలదు, బ్యాంకుని అడగాలి.

ఆదివారం మీటింగులో షీట్‌తో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు, డిపాజిట్ రసీదు కాపీలు కూడా పంచాం. మాస్టారే లేచి "రెండు తప్పులు చేశాను, ఇవీ" అని చదివారు. ఎవరూ ఏం అనలేదు. లిఫ్టులో జాలిపడినాయన మాత్రం "నేను ముందే అనుకున్నానండీ, లెక్క తప్పే అయ్యుంటుందని" అన్నారు.

వచ్చే ఏడాదికి ట్రెజరర్‌గా నా పేరు ప్రతిపాదించింది కూడా ఆయనే.