మైనస్ ఆరు వెనక కళ్ళు

మైనస్ ఆరు సైటున్న మనిషి కళ్ళజోడు తీస్తే స్పష్టంగా కనిపించేది సుమారు 16, 17 సెంటీమీటర్ల దాకానే. అద్దంలో అది ఇంకా సగమైపోతుంది, ఎందుకంటే మనం అద్దానికి ఎంత ఇవతల ఉంటే మన బొమ్మ అంత అవతల ఉంటుంది. అంటే ఐషాడో వేసుకోవాలంటే కన్ను అద్దానికి 8 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. ఇక బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఎక్కడ పెట్టాలి? ఫోన్ సెల్ఫీ కెమెరా నయం. బొమ్మ స్క్రీన్ మీదే ఉంటుంది కాబట్టి ఆ 16 సెంటీమీటర్లూ మనకి దక్కుతాయి. మేకప్ వీడియోల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

మనకి ఎలా కనిపిస్తుందన్నది ఒకటైతే, ఎదుటివాళ్ళకి ఎలా కనిపిస్తామన్నది ఇంకొకటి. మైనస్ లెన్సు వెనకున్న కన్నుని కుదించి చూపిస్తుంది. కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న మైనస్ ఆరు లెన్సులోంచి చూస్తే కన్ను పొడవూ వెడల్పూ దాదాపు ఏడు శాతం చొప్పున తగ్గుతాయి. డబ్బులెక్కువ పెట్టి హై ఇండెక్స్ లెన్సు కొన్నా పలచబడుతుందేగానీ ఈ కుదింపు పెద్దగా తగ్గదు. ఫ్రేమ్ కంటికి దగ్గరగా జరిపితే కాస్త తగ్గుతుంది, కానీ అప్పుడు రెప్పవెంట్రుకలు లెన్సుకి తగులుతాయి. (ప్లస్ లెన్సు వాళ్ళది తలకిందుల కథ. అన్నీ పెద్దవిగా కనిపిస్తాయి, మస్కారా ఉండలతో సహా.)

మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి ఇదంతా పనికొచ్చింది. కాంటాక్ట్ లెన్సులు దానికి పడవు. మేకప్ చేయడానికొచ్చిన అమ్మాయి, ఫోటోగ్రాఫరు, మేనత్త, అందరిదీ ఒకటే మాట: "ఆ రెండు గంటలూ జోడు తీసెయ్యమ్మా." అది మాత్రం, "అక్కా, ఎదురుగా కూర్చున్న మనిషి మొహం నాకు కనపడొద్దా?" అంది. జోడు ఉంచాలనే తేలింది.

దాని ఫ్రేమ్‌కి పైన మందపాటి నల్లటి అంచు, కింద సన్నటి తీగ. అప్పటికే రెప్ప పై మడతలో ముదురు మెరూన్ వేసేశారు. జోడు పెట్టగానే ఆ రంగంతా నల్లంచు వెనక్కి పోయి, కన్ను గుంటలో పడ్డట్టు కనిపించింది. నేను చెప్పింది చిన్న పని: జోడు పెట్టి, నేరుగా చూస్తూ ఒక ఫోటో తియ్యమని. అందులో రెప్ప ఎంత మేర కనిపిస్తే రంగు అంత మేరకే. మెరూన్ తుడిచి, రెప్ప మధ్యలో కాస్త మెరుపున్న రాగిరంగు వేశారు. పై రెప్ప అంచున బయటి వైపు మూడోవంతు మాత్రం ముదురు గోధుమ రంగు గీత. అసలు గొడవ కాటుక దగ్గర. కంటి చుట్టూ నల్లటి గీత గీస్తే, అసలే కుదించుకుపోయిన కన్నుకి కంచె కట్టినట్టవుతుంది. "కాటుక లేకుండా నిశ్చితార్థమేంటే?" అని పిన్ని. చివరికి పై రెప్ప లోపలి అంచుకి మాత్రం పెట్టి, కింద వదిలేశాం.

కన్సీలర్ విషయంలో ఎక్కువమంది చేసేది ఇంకో పొర వెయ్యడం. కానీ నోస్ ప్యాడ్లు నొక్కే చోట పొర ఎంత మందంగా ఉంటే జోడు అంత జారుతుంది, జారినకొద్దీ మళ్ళీ పైకి తోస్తాం, ప్రతి తోపుకీ ఇంత ఊడి వస్తుంది. కాబట్టి ఆ రెండు చుక్కలంత చోటుని ఖాళీగా వదిలేసి, చుట్టూ అంచులు మాత్రం కలిపేశారు. ఎలాగూ అక్కడ ప్యాడ్లే ఉంటాయి, ఎవరికీ కనపడదు. కంటి కింద మరీ తెల్లటి కన్సీలర్ మన ఛాయల మీద బూడిదలా తేలుతుంది, ఫ్రేమ్ నీడ పడితే ఇంకా. అందుకని ముందు పీచ్ రంగుది పలచగా, దాని మీద చర్మం రంగుది ఇంకా పలచగా అద్ది, పౌడర్ వేశారు. తర్వాత అయిదు నిమిషాలు జోడు పెట్టుకోనివ్వలేదు.

మస్కారాకి ఒక పరీక్ష ఉంది. వేసుకున్న పది నిమిషాలకి జోడు తీసి లెన్సు లోపలి వైపు వెలుతుర్లో చూడాలి. దువ్వెన పళ్ళలాంటి గీతలుంటే వెంట్రుకలు తగులుతున్నట్టే. అప్పుడు పొడవు పెంచే రకం, పీచుల రకం మానేసి, కర్లర్‌తో వెంట్రుకల్ని పైకి వంచి, బ్రష్షుని టిష్యూకి తుడిచి మొదళ్ళకి మాత్రమే వెయ్యాలి. వాటర్‌ప్రూఫ్ అనగానే భరోసా పడకూడదు. అది నీళ్ళకి ఆగుతుందేమోగానీ, రెప్పల జిడ్డుకి కరిగి పాకొచ్చు. ట్యూబింగ్ మస్కారా అని వేరే ఉంది. ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి గొట్టంలా ఆరిపోతుంది, జిడ్డుకి తొందరగా లొంగదు. దానికి అదే వేయించాం.

అయితే అది ఎలా వదులుతుందో చెప్పడం అందరం మర్చిపోయాం. రాత్రి పదకొండింటికి ఫోన్: "అక్కా, వేడినీళ్ళతో మొహం కడిగితే రెప్పలన్నీ ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయే!" అవి వెంట్రుకలు కావని, ఆ గొట్టాలేనని నమ్మించడానికి పావుగంట పట్టింది. జోడు తీసేసి ఉంది కదా మరి, దానికి కనపడదు.