టొరంటోలో ఉన్న చెల్లికి: మీ ఆయన పని గంటలు, నీ జాతకం

మా చెల్లికి రాసిన ఉత్తరం ఇది. ఇలాంటి ప్రశ్నే మన ఇళ్ళలో చాలామంది ఆడపిల్లలకు ఉందని, తన ఒప్పుకోలుతోనే ఇక్కడ పెడుతున్నాను.

చెల్లీ,

నువ్వు పంపిన జాతక ఫలితం రెండుసార్లు చదివాను. నాన్న దగ్గర కూర్చుని నేర్చుకున్నంత మేరకే చెబుతున్నాను, నిదానంగా చదువు.

నీది ధనుర్లగ్నం. భర్తను ఏడో ఇంట చూస్తారు, అది మిథునం. వృత్తికి పదో ఇల్లు కదా, కాబట్టి భర్త ఉద్యోగం చూడాలంటే ఆ ఏడో ఇంటి నుంచి పది లెక్కపెట్టాలి. అలా లెక్కపెడితే మీనం వస్తుంది. నీ లగ్నానికి మీనం నాలుగో ఇల్లు, అంటే నీ ఇల్లు, నీ సుఖం. నీ జాతకంలో మీ ఆయన ఆఫీసూ నీ ఇల్లూ ఒకే గదిలో ఉన్నాయన్నమాట. ఇప్పుడు ఆ గదిలో శని ఉన్నాడు. వీడియో కాల్‌లో ఆ జ్యోతిష్యుడు చెప్పింది ఇంతవరకు సరే.

తర్వాత చెప్పింది మాత్రం సగమే. "శని మీ ఆయనకు అష్టమాధిపతి, పదింట కూర్చున్నాడు, ఏదో దాస్తున్నాడు" అన్నాడట. మిథునానికి ఎనిమిదోది మకరం, తొమ్మిదోది కుంభం. రెండూ శనివే. తొమ్మిదో ఇంటిని భాగ్యస్థానం అంటారు. భయపెట్టే సగం చెప్పి, రెండో సగం మింగేశాడు. ఆ "దాస్తున్నాడు" అన్న మాట దగ్గరే నీకు నిద్ర పట్టలేదని నాకు తెలుసు.

ఇక తేదీలు చూద్దాం. దృక్ పంచాంగం ప్రకారం శని మీనంలోకి వచ్చింది 2025 మార్చి 29న. మన తమిళనాట వాక్య పంచాంగం పాటించేవాళ్ళకు, తిరునళ్ళారులో కూడా, అది 2026 మార్చిలో. మన హోసూరు పురోహితుడు ఈ ఏడాది అన్నాడని, ఆయనేమో పోయినేడు అన్నాడని నువ్వు కంగారుపడ్డావు. ఎవరిది ఒప్పైనా నీ విషయంలో తేడా రాదు. మరిది గారికి రాత్రి కాల్స్ మొదలైంది ఎప్పుడు? కొత్త ఉద్యోగంలో చేరిన 2024 ఆగస్టులో. నువ్వే ఫోన్‌లో చెప్పావు. అప్పటికి రెండు లెక్కల్లోనూ శని కుంభంలోనే ఉన్నాడు. అక్కడి నుంచి ఆయన చూపు మేషం, సింహం, వృశ్చికాల మీద పడుతుంది. మీనాన్నీ చూడడు, మిథునాన్నీ చూడడు. శని రాకముందే వచ్చిన బరువుకు శనిని కారణం అనలేం. ఏ గోచార ఫలితానికైనా ముందు చేయాల్సిన పరీక్ష ఇదే: కష్టం ఎప్పుడు మొదలైంది, గ్రహం ఎప్పుడు మారింది?

మరి కారణం ఏమిటి? మీకు రాత్రి పది అయితే ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. బెంగళూరు టీము పని మొదలుపెట్టే వేళ అది. పగలు అక్కడి ఆఫీసు, రాత్రి ఇక్కడి ఆఫీసు. ఇది చెప్పడానికి జాతకం అక్కర్లేదు.

జాతకం చెప్పేదల్లా ఒకటుంది. మీనంలోని శని పదో చూపు ధనుస్సు మీద, అంటే నీ లగ్నం మీద పడుతుంది. ఆయన పని బరువు నీ ఒంటి మీద, నీ మనసు మీద పడుతోందని శాస్త్రం ప్రకారం దానర్థం. నీ ఉత్తరం చదివితే నాకూ అదే కనిపించింది. రాత్రి అన్నం ఒక్కదానివే తింటున్నానని మూడుచోట్ల రాశావు.

జూన్ మొదట్లో గురువు కర్కాటకంలోకి వెళ్తాడు. అక్కడి నుంచి తన సొంత ఇల్లైన మీనాన్ని చూస్తాడు, కాస్త తేలిక అవుతుందంటారు. శని మాత్రం దృక్ లెక్కన 2027 జూన్ దాకా అక్కడే. నువ్వు అన్నాళ్ళు చూస్తూ కూర్చోకు. ఒక వారం పాటు ఏ రాత్రి ఏ కాల్ వచ్చిందో, ఎంతసేపు నడిచిందో ఇద్దరూ కలిసి కాగితం మీద రాయండి. అందులో ఆయన తప్పక ఉండాల్సినవి ఎన్నో, ఊరికే వింటూ కూర్చునేవి ఎన్నో తేలుతుంది. రెండో రకంవాటిలోంచి వారానికి రెండు రాత్రులు అడుగు. నెమ్మదిగా అడుగు, కానీ అడుగు.

ఒకటి గుర్తుపెట్టుకో. నేను చూసింది నీ జాతకం మాత్రమే, ఆయనది కాదు. ఆయన మనసులో ఏముందో నీ చక్రంలో ఉండదు. అది ఆయన నోటితోనే వినాలి. విన్నాక ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

మీ అక్క
హోసూరు