"ఫైనల్ చేసిన్రా?"

నెల్లికుదురులో మా బావ కొత్తింట్ల కిచెన్ పని నడుస్తుంది. చేస్తున్నది మొదట కొటేషన్ ఇచ్చినాయన కాదు.

"ఏమైంది బావా?" అంటే...
"స్లాబు పడ్డప్పుడు రేటు పంపిండు. రెండుసార్లు ఫోన్ జేసి 'ఫైనల్ చేసిన్రా' అన్నడు. గోడలే లేవలే, ఏం ఫైనల్ జెయ్యాలె? మళ్ల పత్తా లేడు."

చిన్న ఇంటీరియర్ ఆఫీసుల రిజిస్టర్లు అట్లనే ఉంటయ్. ఎంక్వైరీ, కొటేషన్, అడ్వాన్స్. ఇల్లు ఎంతవరకు వచ్చిందో రాసే గడే ఉండదు.
మళ్లెప్పుడు ఫోన్ జెయ్యాలో చెప్పేది ఆ గడే కదా!

ప్లాస్టరింగ్‌కు ముందు చిమ్నీ పాయింట్ చూపిస్తానని పోవాలె. టైల్స్, గ్రానైట్ గట్టు అయినంక అసలు కొలతలు, ఫైనల్ రేటు. ఒక్కో మెట్టు దాటంగనే పేరు పక్కన తర్వాతి తేదీ పడాలె. కట్టుడు ఆగిపోయిన ఇంటికి కూడా.

రెండో ఆయన వైరింగ్ రోజే వచ్చి, గోడ మీద చాక్‌పీసుతో పాయింట్లు గీసి పోయిండట. రేటు ఈయనదే కొంచెం ఎక్కువ!

ఈ పనిలో ఉన్నోళ్లు చెప్పండి, మీరు ఏ తేదీ చూసి ఫోన్ చేస్తరు?