లోపల పల్చగా, పైన మందంగా

తొలిసారి చలిదేశానికి వెళ్లేవాళ్లకి థర్మల్స్ కొనేటప్పుడు ఇంట్లో అందరూ చూసేది మందం ఒక్కటే. చేత్తో నలిపి చూసి, ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదని బిల్లు కట్టేస్తారు. మినియాపొలిస్‌లో నాకిది మూడో చలికాలం. ఇక్కడ నాకు అర్థమైంది దీనికి తిరగేసి ఉంది. ఒంటికి ఆనుకునే బట్ట పల్చగా ఉండాలి. మందం పైన వేసుకునేవాటిలో ఉండాలి.

ఈ మాట మా పిన్నికి ఫోన్లో చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కిందటి జనవరిలో ఎమ్మెస్ చదవడానికి వాళ్లబ్బాయి ఇక్కడికే వచ్చాడు. వాడి కోసం ఆవిడ అప్పటికే రెండు జతల మందపాటి కాటన్ థర్మల్స్, చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్లు అమ్మే స్వెటర్ ఒకటి కొనేసింది. "పల్చటిది వేసుకుంటే పిల్లాడు గడ్డకట్టుకుపోడూ?" అని ఆవిడ భయం. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే ఊరి తల్లికి ఆ భయం సహజమే.

అయితే ఇక్కడ మనిషిని వణికించేది చలి ఒక్కటే కాదు, చెమట కూడా. మైనస్ 18లో చెమటేమిటి అంటారా? బ్యాగు తగిలించుకుని, బరువైన జాకెట్లో, మంచు మీద గబగబా పది నిమిషాలు నడిచి చూడండి. వీపు తడుస్తుంది. కాటన్ ఆ తడిని పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. మందపాటి కాటన్ అయితే ఇంకా ఎక్కువ పీల్చుకుని, ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అంటే నడక ఆపి బస్సు కోసం నిలబడగానే ఆ తడి బనీను మన ఒంటి వేడిని తోడేయడం మొదలుపెడుతుంది.

అందుకే థర్మల్స్ పెట్టె మీద బొమ్మ కాదు, బట్ట వివరాలు రాసిన లేబుల్ చూడాలి. 'థర్మల్' అనేది బట్ట పేరు కాదు. కాటన్‌తో చేసినా, పాలిస్టర్‌తో చేసినా, ఉన్నితో చేసినా అదే పేరుతో అమ్ముతారు. పాలిస్టర్ చవక, తొందరగా ఆరుతుంది, కానీ ఒకరోజు వేసుకుంటే వాసన పట్టేస్తుంది. మెరినో అనే గొర్రెజాతి ఉన్ని ఖరీదెక్కువ. అయితే తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు.

ఉన్ని అనగానే గుచ్చుకుంటుందని మనకో అభిప్రాయం. అది పోగు మందాన్ని బట్టి ఉంటుంది. ముతక ఉన్ని పోగు 30 మైక్రాన్లు దాటుతుంది, చర్మానికి తగిలితే వంగకుండా పొడుస్తుంది. ఇన్నర్స్‌కి వాడే మెరినో పోగు 18, 19 మైక్రాన్ల దగ్గర ఉంటుంది కాబట్టి వంగిపోతుంది. కొనేముందు అరచేతితో కాకుండా మెడకి ఆనించి ఒక నిమిషం ఉంచండి. అక్కడ దురద పెట్టకపోతే ఒంటికి ఇబ్బంది ఉండదు.

తమ్ముడి దినచర్య లెక్కేసి చూశాం. గది నుంచి బస్‌స్టాపుకి 12 నిమిషాల నడక. అక్కడ ఓ పది నిమిషాల ఎదురుచూపు. ఆ తర్వాత సాయంత్రం దాకా 21 డిగ్రీల వెచ్చటి క్లాసురూము. బయట మైనస్ 18 ఉండి, గంటకి 25 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి తగిలే చలి మైనస్ 29తో సమానం. ఒకే రోజులో దాదాపు 40 డిగ్రీల తేడా! క్లాసులో కూర్చుని జాకెట్ విప్పొచ్చు, స్వెటర్ విప్పొచ్చు. ప్యాంటు, చొక్కా లోపలున్న థర్మల్స్ విప్పలేం. విప్పలేనిది పల్చగా ఉండాలన్నది అందుకే.

చివరికి తేలింది ఇది. ఒంటికి పల్చటి మెరినో పైది ఒకటి, పాలిస్టర్‌వి రెండు, కాళ్లకి పాలిస్టర్‌వి రెండు. అన్నీ మెరినో కొనాలంటే విద్యార్థి బడ్జెట్ తట్టుకోదు. దానిపైన పిన్ని కొన్న స్వెటర్. అది ఉన్ని కాదు, యాక్రిలిక్. అయినా వదులుగా అల్లిన ఆ స్వెటర్ గాలిని బాగా పట్టి ఉంచుతుంది. నిజానికి మనల్ని వెచ్చగా ఉంచేది ఆ ఆగిన గాలే. కాకపోతే నోటితో ఊదితే ఇటు నుంచి అటు పోతోంది కాబట్టి దాని ఒక్కదానితో బయటికి వెళ్లలేం. పైన గాలి చొరని, టోపీ ఉన్న, తుంటి కిందికి దిగే జాకెట్ ఉండాల్సిందే. దాన్ని ఇక్కడే కొన్నాం. అక్కడ కొంటే పెట్టెలో సగం అదే తినేస్తుంది, పైగా ఈ చలికి సరిపోతుందన్న నమ్మకం లేదు.

జాకెట్ కొనడానికి స్వెటర్ వేసుకునే షాపుకి వెళ్లాం. జిప్పు పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి తనని తానే వాటేసుకోమన్నా. భుజాల దగ్గర బిగిస్తే లోపల గాలి నిలవడానికి చోటు లేనట్టే. వాడి సైజు కంటే ఒక సైజు పెద్దది సరిపోయింది. సాక్సుల సంగతీ ఇంతే. ఇరుకు బూట్లలో రెండు జతలు కుక్కితే రక్తం సరిగా ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక మంచి ఉన్ని జత, కాస్త వదులు బూట్లు చాలు.

మొదటి వారం వాడికి ఒక పరీక్ష చెప్పా. స్టాపుకి చేరగానే చెయ్యి వెనక్కి పెట్టి వీపు మధ్య తడిమి చూసుకోమని. పొడిగా ఉంటే ఆ రోజు వేసుకున్నవి సరిగ్గా సరిపోయాయి. తడిగా ఉంటే రేపు ఒకటి తగ్గించాలి, లేదా నడుస్తున్నప్పుడు జాకెట్ జిప్పు కొంచెం దించాలి. గుమ్మం దాటగానే కాస్త చలి వేయాలి. ఇంటి దగ్గరే హాయిగా ఉందంటే పది నిమిషాల్లో చెమట ఖాయం. వాడు ఒకరోజు అమ్మ కొన్న కాటన్‌ది వేసుకెళ్లి, స్టాపు నుంచే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టుంది."

ఇప్పుడా కాటన్ జతలు వాడికి రాత్రి పడుకునేటప్పుడు పనికొస్తున్నాయి. గదిలో నడకా లేదు, చెమటా లేదు కాబట్టి అక్కడ అవి బాగానే ఉంటాయి. పిన్ని కొన్నది ఏదీ వృథా కాలేదు.

కొత్తగా బయల్దేరేవాళ్లకి మరో రెండు మాటలు. థర్మల్స్ వేసుకుని శంషాబాద్‌లో విమానం ఎక్కకండి, అక్కడే తడిసిపోతారు. ఒక జత చేతిసంచిలో పెట్టుకుని, దిగాక బయటికి వచ్చేముందు మార్చుకోండి. ఇక మెరినోని వేడినీళ్లలో ఉతికి డ్రయ్యర్‌లో వేయకండి. వేడికీ రాపిడికీ ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుదించుకుపోతుంది. అది మళ్లీ సాగదు. చన్నీళ్లలో ఉతికి, పరిచి ఆరేస్తే ఈ గదుల పొడిగాలికి తెల్లారేసరికి ఆరిపోతుంది.