కారు కింద ఏముంది?

కట్టబోయే ఇల్లు ఆ స్థలం ఫొటోలో ఎలా ఉంటుందో చూపించమని అడిగేవాళ్లు, "ఆ కార్లూ తీగలూ కాస్త తీసెయ్యండి" అని కూడా అంటారు. తీసెయ్యడం ఎంతసేపు? తీసిన చోట ఏం పెట్టాలన్నదే అసలు పని.

విజయవాడలో ఏ సందులోనైనా కనిపించే దృశ్యమే తీసుకోండి. ఖాళీ స్థలం, పాత ప్రహరీ, దాన్ని ఆనుకుని తెల్లకారు, పక్కన వేపచెట్టు, పైన కరెంటు తీగలు. నేనైతే ముందు ఏదీ చెరపను. ప్రహరీ అంచు, రోడ్డు వార చూసుకునే కదా కెమెరా ఎత్తూ కోణమూ లెక్కకట్టేది! అవి కుదిరాక, ఇంటి కొలతలతో ఒక బోడి పెట్టెను అక్కడ నిలబెడతాను. వెనకున్న చెత్తంతా దాని చాటుకే పోతుంది. ఇక ఆ చెత్త జోలికి పోనక్కర్లేదు.

మిగిలేది కారు. అది ప్రహరీ అడుగునూ రోడ్డునూ కప్పేస్తుంది. పక్కనున్న గోడ ముక్కను క్లోన్ స్టాంప్‌తో తెచ్చి అతికిస్తే అదే పెచ్చు, అదే మరక రెండుసార్లు కనబడి గుట్టు బయటపడుతుంది. ట్రైపాడ్ కాళ్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకుని, మర్నాడు అదే వేళకు, అదే లెన్సుతో మళ్లీ తీయడం మేలు. వేళ మారితే నీడ మారుతుంది. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు కార్లన్నీ ఇంటి దగ్గరే ఉంటాయి. కారుతోపాటు దాని నీడా పోవాలి. చాలా బొమ్మల్లో కారు పోయినా నీడ మిగిలి, రోడ్డు మీద నూనె ఒలికినట్టుంటుంది.

ఆకాశంలో తీగ తేలిక. స్పాట్ హీలింగ్ బ్రష్‌తో ఒకచోట నొక్కి, Shift పట్టుకుని ఇంకోచోట నొక్కితే మధ్యలోది గీతలా చెరిగిపోతుంది. తీగ వేలాడుతూ ఉంటుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా చెయ్యాలి. వేపాకుల మీదుగా పోయేచోట, పక్కింటి పిట్టగోడను తాకేచోట బ్రష్ అలుక్కుపోతుంది. అక్కడ అంచును సెలెక్షన్‌తో కాపాడుకుని, పక్కనే ఉన్న రంగును క్లోన్‌తో తెచ్చుకోవాలి. అయిందనుకున్నాక పైన ఒక Curves లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. చెరిపిన తీగల జాడలు ఆకాశంలో చారలుగా తేలతాయి.

11 కేవీ లైను దగ్గర మాత్రం నా చెయ్యి ఆగుతుంది. దానికీ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలని విద్యుత్ నిబంధన. ఫొటోలో తీగ లేకపోతే, బాల్కనీ ఎంత ముందుకొచ్చినా ఎవరికీ అనుమానం రాదు. కారు రేపు ఉండదు, స్తంభం ఉంటుంది. అందుకే స్తంభాన్నీ తీగల్నీ వేరే లేయర్‌గా కత్తిరించి కొత్త ఇంటి ముందు వేస్తాను. యజమాని మొహం చిట్లిస్తారు. "లైను మార్పించడానికి అర్జీ పెట్టి, డబ్బు కట్టిన రసీదు చూపించండి, ఇప్పుడే తీసేస్తా" అంటాను.