ఫోన్ పోతే ముందు ఆపాల్సింది సిమ్ము

అన్నలారా, హైటెక్ సిటీలో కొలువు చేసే మా అన్న కొడుకు ఫోన్ రాయదుర్గం మెట్రో కాడ పోయింది. స్క్రీన్ లాక్ ఉంది కదా అని వాడు ఊకోలేదు. దొంగ సిమ్ము తీసి వేరే ఫోన్ల వేస్తే ఓటీపీలన్నీ వానికే వస్తయి. అందుకే దోస్తు ఫోన్ నుంచి ముందు సిమ్ము కంపెనీకి చేసి నంబరు ఆపిచ్చిండు. తర్వాత బ్యాంకుకు చేసి యూపీఐ, కార్డు బంద్ పెట్టిచ్చిండు. పైసలు పోలేదు, పోతే వెంటనే 1930కి చెప్పాలె.

ఆఖరుకు పోలీసు ఫిర్యాదు, ఆ కాగితంతో సీఈఐఆర్ సైటుల ఫోన్ బ్లాక్. ఇది ముందే చేసినా పైసలకు కాపలా కాదు. అది ఫోన్‌నే ఆపుతది, సిమ్మును కాదు.

కొత్త సిమ్ము తీసుకున్నంక 24 గంటలు మెసేజులు రావు, గాబరా పడొద్దు. బ్లాక్ చేయనీకి ఐఎంఈఐ నంబరు కావాలె. ఇయ్యాలనే *#06# కొట్టి, బ్యాంకు నంబరుతో పాటు పాసుబుక్కు మీద రాసి పెట్టుకోండి.